టాస్క్ యాప్‌లో తేదీ ఒక రోజు ముందుకు జరిగితే: మూడేళ్ల వాడకం తర్వాత నా సమీక్ష

విడవలూరు వైపు మాకు 12 రొయ్యల గుంటలు ఉన్నాయి. మూడేళ్లుగా పనులన్నీ ఒక టాస్క్ యాప్‌లోనే రాసుకుంటున్నాం. ఏ గుంటకు ఎప్పుడు మినరల్స్ చల్లాలి, ఏ రోజు నీళ్ల టెస్టు, ఏ ఏరియేటర్‌కు ఆయిల్ మార్చాలి, అన్నీ అందులోనే. యాప్ బాగుంది. నెట్ సరిగా లేకపోయినా టిక్ పెట్టొచ్చు, సిగ్నల్ రాగానే అదే పంపుకుంటుంది. ఫీచర్ల గురించి ఇంతకంటే చెప్పను. ఆ యాప్‌లోనే ఒక తప్పు దొరికినప్పుడు దాన్ని సరిచేయించుకోవడానికి ఏం చేయాల్సి వచ్చిందో చెప్తాను. ఏ యాప్ వాడేవాళ్లకైనా ఇది అక్కరకొస్తుంది.

తప్పును ముందు పట్టుకుంది మా రాత్రి కాపలా పెద్దాయన. ఒక తెల్లవారుజామున ఫోన్ చేసి, "నాలుగో గుంటకి మినరల్స్ రేపు కదా అబ్బయా చల్లాల్సింది, ఇందులో ఈరోజే అని వచ్చుండాది" అన్నాడు. చూస్తే నిజమే. ఆ పనిని "పూర్తయిన రోజు నుంచి 7 రోజులకు" మళ్లీ వచ్చేలా పెట్టాం. 12వ తేదీ పూర్తయితే 19న రావాలి. 18న వచ్చింది.

ఆ కంగారులో సపోర్ట్‌కు నేను పంపిన మొదటి రిపోర్టు ఇది: "తేదీలు అప్పుడప్పుడు తప్పుగా వస్తున్నాయి, మాకు చాలా నష్టం, వెంటనే సరిచేయండి." దానికి 8 స్క్రీన్‌షాట్లు జత చేశాను. అన్నీ వాట్సాప్‌లో ఒకరి నుంచి ఒకరికి తిరిగి వచ్చినవి, అక్షరాలు మసకబారినవి, పైనా కిందా కత్తిరించినవి. నాలుగు రోజులకు జవాబొచ్చింది: మా దగ్గర ఈ సమస్య రావడం లేదు, ఎలా వస్తోందో చెప్పగలరా అని. అప్పుడు కోపం వచ్చిన మాట నిజం. తర్వాత ఆలోచిస్తే వాళ్ల తప్పేమీ లేదు. వాళ్లు తమ ఆఫీసులో కూర్చుని నా మెయిల్ చూస్తూ ఏ బటన్ నొక్కాలి? అందులో నొక్కడానికి ఏమీ లేదు.

నా రిపోర్టును పాడుచేసిన మాట "అప్పుడప్పుడు". ఎప్పుడు వస్తుందో, ఎప్పుడు రాదో తెలిసేదాకా దాన్ని రాయకూడదని అప్పుడు అర్థమైంది. ఒక్కో పనికి యాప్‌లో చరిత్ర ఉంటుంది, ఎవరు ఏ నిమిషానికి టిక్ పెట్టారో అందులో కనిపిస్తుంది. నోటు పుస్తకంలో రెండు గడులు గీసి టిక్ పెట్టిన సమయం, తర్వాత వచ్చిన తేదీ పక్కపక్కన రాశాను. 4:50, 5:05, 5:20కి టిక్ పెట్టినవన్నీ ఒక రోజు ముందుకు జరిగాయి. 5:40, 6:15కి పెట్టినవి సరిగ్గా ఉన్నాయి. పెద్దాయన డ్యూటీ దిగే ముందు, 5 గంటల ప్రాంతంలో అన్నీ కలిపి టిక్ పెడతాడు. పగటివాళ్లు ఆరు తర్వాత పెడతారు. అందుకే ఆయన చూసే 5 గుంటలకే ఈ తప్పు వచ్చేది.

అంటే తప్పుకూ ఒప్పుకూ మధ్య హద్దు 5:20కీ 5:40కీ మధ్యలో, 5:30 దగ్గర ఉండొచ్చు. 5:30 అనగానే అనుమానం వచ్చింది. సర్వర్లు చాలావరకు UTC అనే ప్రపంచ ప్రామాణిక సమయం లెక్కలో నడుస్తాయి, మన టైమ్ దానికంటే ఐదున్నర గంటలు ముందుంటుంది. మనకు 12వ తేదీ ఉదయం 4:50 అయితే అక్కడ ఇంకా 11వ తేదీ రాత్రి 11:20. పదకొండుకు ఏడు కలిపితే పద్దెనిమిది. లెక్క కుదిరింది.

అయినా నా ఊహ రాసి పంపితే చాలదు, వాళ్ల కళ్లముందు జరిగేలా దారి చూపాలి. ముందు మధ్యాహ్నం పూట ఫోన్ గడియారాన్ని 4:50కి మార్చి ప్రయత్నించాను. తప్పు రాలేదు. యాప్ ఫోన్ టైమ్ కాకుండా సర్వర్ టైమ్ తీసుకుంటోంది కాబట్టి నిజంగానే తెల్లవారుజామున లేవాల్సి వచ్చింది. 20వ తేదీ ఉదయం మా పనులేవీ కలవకుండా కొత్త ప్రాజెక్ట్ ఒకటి తెరిచి, అందులో రెండే పనులు పెట్టాను. రెండూ పూర్తయిన 7 రోజులకు మళ్లీ వచ్చేవే. మొదటిదానికి 5:25కి టిక్ పెడితే 26 వచ్చింది. రెండోదానికి 5:35కి పెడితే 27 వచ్చింది. ఒకే ఫోన్, ఒకే మనిషి, పది నిమిషాల తేడా.

స్క్రీన్‌షాట్లు ఈసారి రెండే. ఒక్కోదానిలో పైన ఫోన్ గడియారం, మధ్యలో పని పేరు, కింద కొత్త తేదీ, మూడూ ఒకే బొమ్మలో కనపడేలా కత్తిరించకుండా తీశాను. మొదటిసారి నేను కత్తిరించి పారేసింది ఆ గడియారాన్నే. వాట్సాప్ దారిన కాకుండా ఫోన్ నుంచి నేరుగా జత చేశాను. ఇంకొక సంగతి. మొదట పంపిన వాటిలో మా పనివాళ్ల పేర్లూ ఫోన్ నంబర్లూ వెళ్లిపోయాయి, అది చేయకూడని పని. ఖాళీ ప్రాజెక్ట్‌లో తీస్తే ఆ బాధ ఉండదు.

రిపోర్టుకు పేరు "సాయం చేయండి" అని కాకుండా, "భారత కాలమానం 5:30 లోపు టిక్ పెడితే మళ్లీ వచ్చే పని తేదీ ఒక రోజు ముందుకు జరుగుతోంది" అని పెట్టాను. కింద యాప్ వెర్షన్, ఆండ్రాయిడ్ వెర్షన్, సెట్టింగ్స్‌లో టైమ్ జోన్ `Asia/Kolkata` అని ఉన్న సంగతి రాశాను. తర్వాత ఏం నొక్కానో వరసగా, ఏ తేదీ రావాలో, ఏ తేదీ వచ్చిందో. "ప్రతి సోమవారం" లాంటి పనుల్లో ఈ తప్పు లేదని, "పూర్తయిన రోజు నుంచి" అన్న వాటిలోనే ఉందని కూడా చేర్చాను. వెతకాల్సిన చోటు దాంతో సగానికి సగం తగ్గిందని తర్వాత వాళ్లే అన్నారు. UTC సంగతి అన్నిటికంటే చివర, "ఇది నా ఊహ మాత్రమే" అని విడిగా రాశాను. మన ఊహ తప్పైతే, దాన్ని నిజమన్నట్టు రాసినందుకు వాళ్లు వేరే చోట వెతుకుతూ కూర్చుంటారు.

నష్టం రాసేటప్పుడు చాలా జాగ్రత్తపడ్డాను. "చాలా నష్టం" అంటే ఎంతో ఎవరికీ తెలియదు. అందుకే ఇలా రాశాను: 12 గుంటల్లో 5 గుంటలకు ప్రతిసారీ ఇలాగే జరుగుతోంది, 7 రోజుల పని 6 రోజులకే వస్తోంది. 42 రోజుల్లో 6 సార్లు చల్లాల్సింది 7 సార్లు అవుతోంది, అంటే గుంటకు ఒక విడత మినరల్స్ దండగ. డేటా పోలేదు, యాప్ ఆగలేదు. 5:30 దాటాక టిక్ పెడితే తప్పు రాదు, కానీ మా మనిషి 5:30 లోపే ఇంటికి వెళ్లిపోతాడు. రాత్రి డ్యూటీ ఆసుపత్రులు, తెల్లారకముందే పాలు పోయించుకునే కేంద్రాలు ఈ యాప్ వాడుతుంటే వాళ్లకూ ఇదే వస్తుంది. ఉన్నదానికంటే ఎక్కువ చేసి రాయలేదు. నిజంగా యాప్ ఆగిపోయిన రోజున నా మాట నమ్మాలి కదా.

మర్నాడే జవాబొచ్చింది, వాళ్ల దగ్గరా తప్పు కనపడిందని. మూడు వారాలకు అప్‌డేట్ వచ్చింది. ఆ తెల్లవారి పెద్దాయన 4:45కి టిక్ పెట్టి, "ఇప్పుడు సరిగ్గా ఏడో రోజే చూపిస్తుండాది అబ్బయా" అన్నాడు. అప్‌డేట్ కొత్త టిక్‌లకే పనిచేసింది, అప్పటికే తప్పు తేదీ పడిన 9 పనులను నేనే చేత్తో మార్చాను. ఆ సంగతి వాళ్లు ముందే చెప్పి ఉండాల్సింది.

యాప్‌కు నాలుగు స్టార్లు ఇస్తున్నాను. ఒకటి తగ్గించింది తేదీ తప్పినందుకు కాదు. రిపోర్టు పంపే ఫారంలో ఒక్క బొమ్మకే చోటుంది, రెండోది మెయిల్‌లో పంపాల్సి వచ్చింది. పంపాక అది ఎవరి చేతిలో ఉందో, ఎక్కడిదాకా వచ్చిందో చూసుకునే వీలు కూడా లేదు. పనులు ఎక్కడిదాకా వచ్చాయో చూపించే యాప్‌లో ఇది ఉండి తీరాలి. ఈ రెండూ కూడా బొమ్మలతో సహా రాసి పంపాను.