బరంపురం పట్టుచీరల కొట్టుకు బూస్ట్ మేలా, వాట్సాప్ ప్రకటన మేలా?

షావుకారుగారికి నమస్కారాలు.

జూలై నుంచి సెప్టెంబరు దాకా ప్రకటనలకు మీరిచ్చిన 60,000 రూపాయలను రెండు సమానభాగాలు చేశాను. ఒక సగంతో మన ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ పోస్టులను బూస్ట్ చేశాను, అంటే డబ్బు కట్టి ఎక్కువమందికి కనిపించేలా చేశాను. రెండో సగాన్ని, నొక్కగానే కొట్టు వాట్సాప్ తెరుచుకునే ప్రకటనలకు పెట్టాను. వచ్చే మూడు నెలలకు బడ్జెట్ పెంచమని అడిగే ముందు ఈ రెండింటి ఫలితాన్ని మీ ముందుంచడం నా బాధ్యత.

లైకులనే చూస్తే బూస్టుదే పైచేయి. కానీ బిల్లు వేసేటప్పుడు "ఎక్కడ చూసి వచ్చారు?" అని అడిగి రాసుకున్న పుస్తకం ప్రకారం, బూస్ట్ చేసిన పోస్టుల వల్ల వచ్చినవి 11 బిల్లులు, వాట్సాప్ ప్రకటనల వల్ల వచ్చినవి 48. అంటే ఒక్కో బిల్లుకు బూస్టులో సుమారు 2,727 రూపాయలు, వాట్సాప్‌లో 625 రూపాయలు ఖర్చయ్యాయి. మన సగటు బిల్లు 4,500. అందులో 30 శాతం, అనగా 1,350 రూపాయలు మిగులుతుంది. బిల్లుకయ్యే ప్రకటన ఖర్చు ఆ 1,350 దాటితే నష్టమే. పోస్టు చూసి వచ్చినవారిలో కొందరు ఆ మాట చెప్పకపోయి ఉండవచ్చు కనుక బూస్టు లెక్క కొంత తక్కువ పడి ఉంటుంది. అయినా ఇంత తేడా దానితో పూడదు.

ఇక పెంచితే ఏమవుతుందన్నది అసలు ప్రశ్న. సగటు బాగుందని పెంచడం సరికాదు, అదనంగా పెట్టిన రూపాయి ఏం తెచ్చిందో చూడాలి. జూలై, ఆగస్టుల్లో వాట్సాప్ ప్రకటనలకు నెలకు 8,000 పెట్టగా నెలకు 13 బిల్లులు వచ్చాయి. సెప్టెంబరులో 14,000 పెట్టగా 22 వచ్చాయి. అదనపు 6,000కు 9 బిల్లులు, అంటే ఒక్కోటి 667. దసరా కొనుగోళ్లు సెప్టెంబరులోనే మొదలవుతాయి కాబట్టి ఆ తొమ్మిదింటినీ ప్రకటన ఖాతాలోనే వేయలేను, కానీ 1,350కి చాలా దూరంలోనే ఉన్నాం.

కాబట్టి బూస్టు ఆపి, నెలకు 20,000 బదులు 30,000 ఇచ్చి, మొత్తం వాట్సాప్ ప్రకటనలకే కేటాయించమని మనవి. ఒక్కసారిగా పెంచితే ఫేస్‌బుక్ వ్యవస్థ ప్రకటన ఎవరికి చూపాలో మళ్లీ మొదటినుంచి నేర్చుకునే దశలో పడి ఖర్చు ఎగబాకే ప్రమాదం ఉంది కనుక, నాలుగైదు రోజులకొకసారి ఐదోవంతు చొప్పున పెంచుతాను. రెండు వారాల లెక్కలో బిల్లుకు 1,000 దాటితే అక్కడే ఆపి మీకు చెబుతాను.

డబ్బుతో పాటు మనిషి కూడా కావాలి. పర్లాకిమిడి నుంచి ఒకావిడ రాత్రి తొమ్మిదింటికి కుంభం అంచున్న పసుపు పట్టు ధర అడిగారు. మనం మర్నాడు పదకొండింటికి జవాబిచ్చేసరికి ఆవిడ వేరే చోట కొనేశారు. సాయంత్రం ఏడు నుంచి పది దాకా తెలుగు, ఒడియా రెండూ వచ్చినవారు ఫోన్ దగ్గర లేకుంటే పెంచిన సొమ్ము ఇలాగే పోతుంది. ఆ ఏర్పాటు కుదరకపోతే బడ్జెట్ 20,000 దగ్గరే ఉంచమని నేనే చెబుతాను.

ఇట్లు,
మీ సోషల్ మీడియా మేనేజర్