పద్నాలుగు నెలల గేమింగ్ ఫోన్: తిరుపతి ఎండలో తేలిన లెక్క

నిరుడు మార్చిలో గాంధీ రోడ్డులో పద్దెనిమిది వేలు పెట్టి ఈ ఫోన్ కొన్నాను. చిప్‌సెట్ డైమెన్సిటీ 7300, ర్యామ్ 8 జీబీ, డిస్‌ప్లే 120 హెర్ట్జ్ అమోలెడ్. అదే వారం మా తమ్ముడు అంతే ధరలో ఇంకొకటి తెచ్చుకున్నాడు. డబ్బా మీద చూస్తే వాడిదే గొప్ప. 144 హెర్ట్జ్ డిస్‌ప్లే, 12 జీబీ ర్యామ్, టచ్ శాంప్లింగ్ రేటు నాది 240 అయితే వాడిది 480.

అసలు తేడా మే నెలలో బయటపడింది. మేడ మీద గదిలో, ఫ్యాన్ కింద, మధ్యాహ్నం ఇద్దరం బీజీఎంఐ అనే షూటింగ్ గేమ్‌లో వరసగా మూడు మ్యాచ్‌లు ఆడాం. మొదటి మ్యాచ్‌లో రెండింటికీ సెకనుకు 60 ఫ్రేములు వచ్చాయి. ఇరవై నిమిషాలు దాటేసరికి వాడిది 40కి పడిపోయింది, స్క్రీన్ వెలుతురు కూడా దానంతట అదే తగ్గింది. నాది 55 దగ్గర నిలబడింది.

కారణం చిప్‌లో ఉంది. నాది 4 నానోమీటర్ల పద్ధతిలో చేసింది, వాడిది 6. అదే పనికి నాది తక్కువ కరెంటు తాగుతుంది, కాబట్టి వేడీ తక్కువే. ఫోన్ మరీ కాలితే తనను తాను కాపాడుకోవడానికి చిప్ వేగం తగ్గించుకుంటుంది. నా ఫోన్‌లో వేపర్ చాంబర్ ఉంది. దాని లోపలి ద్రవం చిప్ దగ్గర ఆవిరై, చల్లగా ఉన్న వైపు మళ్లీ ద్రవమై వేడిని పరుస్తుంది. పరుస్తుందంతే, మాయం చేయదు. గదిలోనే 40 డిగ్రీలుంటే ఆ వేడి బయటికి పోవడం కష్టం. మందపాటి కవర్ తీసేసి ఆడితే బ్యాటరీ వేడి 44 నుంచి 41కి తగ్గింది.

ఇక టచ్ సంగతి. 240 అంటే దాదాపు 4 మిల్లీసెకన్లకోసారి వేలిని చూస్తుంది, 480 అంటే 2కోసారి. మిగిలేది రెండు మిల్లీసెకన్లు. 60 ఫ్రేముల దగ్గర ఒక్కో ఫ్రేముకు దాదాపు 17 మిల్లీసెకన్లు పడుతుంది, 40కి పడితే 25. టచ్‌లో కలిసొచ్చిన రెండూ ఆ ఎనిమిదిలో కొట్టుకుపోయాయి. 144 హెర్ట్జ్ కూడా అంతే, గేమ్ 60 ఇస్తుంటే ఆ డిస్‌ప్లేతో పనేముంది?

వాడి 12 జీబీలో ఆరు మాత్రమే అసలు ర్యామ్, మిగతా ఆరు స్టోరేజీ నుంచి అప్పు తెచ్చుకున్నది. మ్యాచ్ మధ్యలో అమ్మ చేసిన ఫోన్ ఎత్తి తిరిగొస్తే గేమ్ మొదటి నుంచి లోడ్ అయ్యేది. నాకు ఆ బాధ రాలేదు.

నా ఫోన్‌లోనూ లోపం ఉంది. చార్జింగ్ పెట్టి ఆడితే పది నిమిషాల్లోనే బాగా వేడెక్కుతుంది, అందుకే అలా ఆడను.

కొనేముందు షాపులో ఏసీ కింద ఐదు నిమిషాలు ఆడి చూడటం చాలదు. అదే మోడల్ వాడుతున్న వాళ్ల దగ్గర అరగంట ఆడి, చివరి పది నిమిషాల ఫ్రేములు చూడండి. తమ్ముడు ఇప్పుడు గేమ్ సెట్టింగుల్లో గ్రాఫిక్స్ స్మూత్‌లో, ఫ్రేమ్ రేటు అల్ట్రాలో పెట్టుకున్నాడు, అంటే 40. ఎక్కడా తగ్గడం లేదు, గురి కూడా మునుపటికంటే బాగా కుదురుతోంది.