కొత్త మానిటర్‌లో అక్షరాలు మసక: సెట్టింగ్ మార్చాలా, కేబుల్ మార్చాలా?

మా తమ్ముడు సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో 2560 × 1440 చుక్కల మానిటర్ కొన్నాడు. పాత వీజీఏ కేబుల్‌నే కన్వర్టర్‌తో తగిలించాడు. వీడియోలు బాగానే ఉన్నాయి గానీ ఎక్సెల్‌లో అంకెల చుట్టూ నీడ, తెలుగు వత్తులైతే ముద్ద. మానిటర్ వాపసు ఇచ్చేద్దామన్నాడు.

తప్పు మానిటర్‌ది కాదు. కంప్యూటర్ 1920 × 1080 బొమ్మే పంపుతోంది. దాంట్లో ఒక్కో చుక్క తెరమీద అడ్డంగానూ నిలువుగానూ 1.33 చుక్కలంత మేర పరుచుకోవాలి. చుక్కలో మూడో వంతు వెలగడం కుదరదు కాబట్టి పక్క చుక్కతో రంగు కలుస్తుంది. సన్నగీతల అక్షరాల్లోనే అది కొట్టొచ్చినట్టు కనబడుతుంది.

సెట్టింగ్: పైసా ఖర్చు లేదు, నిమిషం పని. విండోస్‌లో Settings > System > Display > Display resolution తెరిచి 2560 × 1440 ఎంచుకోవాలి. తెర నల్లబడినా భయం లేదు, కాసేపటికి పాతదే తిరిగొస్తుంది. అక్షరాలు చిన్నవైతే Scale పెంచండి, రిజల్యూషన్ తగ్గించకండి.

కేబుల్: కొంచెం ఖర్చు, సీపీయూ వెనక్కి వంగాలి. కొనేముందు అక్కడ డిస్‌ప్లేపోర్ట్ ఉందో, హెచ్‌డీఎంఐ ఉందో చూసుకోవాలి.

జాబితాలో 2560 × 1440 ఉంటే ముందు సెట్టింగే మార్చండి. మా తమ్ముడికి 1920 × 1080 దగ్గరే ఆగిపోయింది, కన్వర్టర్ హద్దు అంతే. డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ పెట్టాక వత్తులు విడివిడిగా కనిపించాయి.