డీవీఆర్ అడ్మిన్ పాస్‌వర్డ్ రీసెట్, రికవరీ ఏర్పాట్లు: చీమకుర్తి గ్రానైట్ యూనిట్‌లో రెండేళ్లు వాడాక

మా పాలిషింగ్ యూనిట్‌లో ఉన్నది హైక్‌విజన్ ఎనిమిది చానళ్ల డీవీఆర్, 2 టీబీ హార్డ్ డిస్క్. అడ్మిన్ పాస్‌వర్డ్ రీసెట్ చేయించి, మళ్లీ ఆ ఇబ్బంది రాకుండా ఏర్పాట్లు పెట్టుకుని రెండేళ్లు దాటింది. కెమెరాల క్లారిటీ గురించి ఇప్పటికే చాలామంది రాశారు. పాస్‌వర్డ్ ఎవరికీ తెలియని రోజున ఈ పెట్టె ఎలా ఉంటుందో, ఏ దారి పనిచేస్తుందో, ఏది పనిచేయదో మాత్రమే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఒక విషయం చెప్పాలి. చాలా చోట్ల పాస్‌వర్డ్ మర్చిపోయినట్టు అసలు తెలియనే తెలియదు. దానికి కారణం స్క్రీన్ మీద గీసే ప్యాటర్న్. మౌస్‌తో గీత గీస్తే డీవీఆర్ తెరుచుకుంటుంది, రోజూ పని జరిగిపోతుంది. కానీ ప్యాటర్న్ మానిటర్ ముందు కూర్చున్నప్పుడు మాత్రమే పనికొస్తుంది. కొత్త ల్యాప్‌టాప్ నుంచి చూడాలన్నా, రికవరీ మెయిల్ మార్చాలన్నా అసలు పాస్‌వర్డే అడుగుతుంది. మా యూనిట్‌లో పాత మేనేజర్ వెళ్లిపోయాక కూడా చాలాకాలం అందరూ ప్యాటర్న్‌తోనే నెట్టుకొచ్చారు. చివరికి ఎవరో దాన్ని తప్పుగా గీస్తే పాస్‌వర్డ్ పేజీ వచ్చింది. అక్కడ ఏం కొట్టాలో ఒక్కరికీ తెలియదు.

సరిగ్గా అప్పుడే రికార్డింగ్ అవసరమైంది. గెలాక్సీ స్లాబులు లోడ్ చేసి పంపిన లారీలో కొన్నింటికి అంచులు పగిలాయని పార్టీ ఫోన్ చేశాడు. లోడింగ్‌లో పగిలాయా, దారిలో పగిలాయా తేలాలంటే క్రేన్ దగ్గరి కెమెరా చూడాలి. లోడ్ వెళ్లి అప్పటికి ఆరు రోజులు.

ఇలాంటప్పుడు మొదట వేసుకోవాల్సింది డిస్క్ లెక్క. డీవీఆర్ లాగిన్ కాకపోయినా రికార్డింగ్ ఆగదు, డిస్క్ నిండాక పాతదాని మీదే కొత్తది రాస్తూ పోతుంది. మా కెమెరాలు ఒక్కొక్కటి 2 ఎంబీపీఎస్ చొప్పున పెట్టి ఉన్నాయి. అంటే ఒక్క కెమెరాకు రోజుకు దాదాపు 21.6 జీబీ, ఎనిమిదింటికీ కలిపి 173 జీబీ. 2 టీబీ డిస్క్‌లో పదకొండు రోజులకు కాస్త అటూఇటూగా పడుతుంది. ఆరు రోజులు పోగా ఐదు రోజుల గడువుంది. ఒక్క రోజే మిగిలి ఉంటే మాత్రం వెంటనే డీవీఆర్ ఆపి, పాత రికార్డింగ్ చెరిగిపోకుండా హార్డ్ డిస్క్‌ను తీసి పక్కన పెట్టుకుని, ఆ తర్వాత రీసెట్ సంగతి చూడటం మేలు. మాకు గడువుంది కాబట్టి ఆపలేదు.

"అన్నా, లోపల బ్యాటరీ పీకేస్తే పాస్‌వర్డ్ పోద్దంట కదా?" అని మా ఎలక్ట్రీషియన్ స్క్రూ డ్రైవర్ పట్టుకొచ్చాడు. ఈ మాట ఊళ్లో చాలామంది చెబుతారు. వద్దని గట్టిగా ఆపాను. ఆ నాణెం లాంటి బ్యాటరీ ఉన్నది గడియారం నడవడానికి. పాస్‌వర్డ్ ఉండేది ఫ్లాష్ మెమరీలో, కాబట్టి బ్యాటరీ తీసినా అది చెక్కు చెదరదు. పోయేది తేదీ, టైమ్. ఆ తర్వాత రికార్డయ్యేదంతా తప్పు తేదీతో పడుతుంది. ఏ గంటకు ఏం జరిగిందో చూపించడానికే రికార్డింగ్ కావాల్సిన చోట అంతకన్నా నష్టం లేదు. నెట్‌లో సీరియల్ నంబర్ ఇస్తే కోడ్ ఇస్తామనే సైట్ల జోలికీ పోవద్దు. ఆ పద్ధతి బాగా పాత మోడళ్లది. పైగా మన సీరియల్ నంబర్‌ను ముక్కూమొహం తెలియని వాళ్ల చేతిలో పెట్టినట్టే. ఊరికే ఊహించి కొట్టుకుంటూ పోయినా ఉపయోగం లేదు. అడ్మిన్‌కి ఏడుసార్లు తప్పు పడితే లాగిన్ కాసేపు లాక్ అయిపోతుంది.

పద్ధతైన దారుల్లో మొదటిది లాగిన్ పేజీలో ఉండే Forgot Password. అది నొక్కితే క్యూఆర్ కోడ్ వస్తుంది. హైక్‌కనెక్ట్ యాప్‌తో దాన్ని స్కాన్ చేస్తే, ముందే నమోదు చేసిన మెయిల్‌కి కోడ్ వెళ్తుంది. సీపీ ప్లస్, దహువా పెట్టెల్లో కూడా దారి దాదాపు ఇదే. స్కాన్ చేశాం, మాలో ఎవరి మెయిల్‌కీ ఏమీ రాలేదు. కెమెరాలు బిగించిన కుర్రాడు ఆ రోజు తన సొంత మెయిల్ ఇచ్చి వెళ్లాడని తర్వాత తెలిసింది. అతను ఊరు మారాడు, ఆ మెయిల్ అతనికీ తెరుచుకోవడం లేదు.

అందుకే రెండో దారికి వెళ్లాం. హైక్‌విజన్ సొంత వెబ్‌సైట్ నుంచి SADP అనే ఉచిత ప్రోగ్రామ్ దించుకుని, డీవీఆర్ ఉన్న రూటర్‌కే ల్యాప్‌టాప్‌ను కేబుల్‌తో కలిపాం. ప్రోగ్రామ్ తెరవగానే నెట్‌వర్క్‌లో ఉన్న పెట్టెలన్నీ వరసగా కనిపిస్తాయి. సీరియల్ నంబర్‌ను డీవీఆర్ కింద అంటించిన లేబుల్‌తో సరిచూసి ఆ వరసను ఎంచుకుంటే, కుడి పక్కన కింద Forgot Password ఉంటుంది. అందులో ఎక్స్‌పోర్ట్ నొక్కితే చిన్న ఎక్స్ఎంఎల్ ఫైలు వస్తుంది. ఆ ఫైలు, లేబుల్ ఫోటో, కొన్న బిల్లు కలిపి కంపెనీ సపోర్ట్‌కి పంపితే, వాళ్లు దానికి జవాబుగా ఇంకో ఫైలు ఇస్తారు. దాన్ని అదే చోట ఇంపోర్ట్ చేసి కొత్త పాస్‌వర్డ్ పెట్టుకోవాలి. బిల్లు అడిగారని విసుక్కోవద్దు. అడక్కుండా ఇచ్చేటట్టయితే దొంగిలించిన డీవీఆర్‌కీ ఇచ్చేస్తారు.

ఇక్కడ ఎవరూ ముందుగా చెప్పని షరతు ఒకటుంది. ఫైలు ఎక్స్‌పోర్ట్ చేసిన దగ్గర్నుంచి జవాబు ఫైలు ఎక్కించే దాకా డీవీఆర్ ఆగకూడదు, రీస్టార్ట్ కాకూడదు. మధ్యలో ఒక్కసారి కరెంటు పోయి వచ్చినా ఆ ఫైలు చెల్లదు, మళ్లీ మొదటి నుంచి పంపాలి. మాకు మొదటి ఫైలు అలాగే పోయింది. రాత్రి కరెంటు పోయి వచ్చింది, పొద్దున జవాబు ఫైలు ఎక్కిస్తే తీసుకోలేదు. ఎందుకో SADP లోనే తెలుస్తుంది. ఆ పట్టికలో కుడివైపుకి జరిపితే Start Time అనే గడి ఉంటుంది, పెట్టె ఆఖరుసారి ఎప్పుడు ఆన్ అయిందో అది చెబుతుంది. ఆ టైమ్ మీరు ఎక్స్‌పోర్ట్ చేసిన టైమ్ కన్నా తర్వాతిదైతే ఫైలు పనికిరాదని అర్థం. రెండోసారి డీవీఆర్‌నీ, రూటర్‌నీ ఆఫీసు కంప్యూటర్ యూపీఎస్ మీదికి మార్చాకే ఎక్స్‌పోర్ట్ చేశాం. అది సాఫీగా పూర్తయింది. డీవీఆర్‌ను ఇప్పటికీ ఆ యూపీఎస్ మీదే ఉంచాం.

రీసెట్‌తో రికార్డింగ్ పోతుందేమోనని మా ఓనరు గారికి బాగా టెన్షన్. పోదు. మారేది పాస్‌వర్డ్ ఒక్కటే, డిస్క్ జోలికి అది వెళ్లదు. కోయాక్సియల్ కేబుల్ కెమెరాలకు విడిగా పాస్‌వర్డులు ఉండవు కాబట్టి వాటినీ ముట్టుకోనక్కర్లేదు. లోపలికి వెళ్లాక మాత్రం హార్డ్ డిస్క్ పేజీలో కనిపించే Init బటన్‌ను ఎవరినీ నొక్కనివ్వద్దు, డిస్క్‌ను తుడిచేసేది అదే. మేం ముందు తేదీ, టైమ్ చూసుకుని, క్రేన్ కెమెరా రికార్డింగ్‌ను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాం. స్లాబులు చెక్క ఫ్రేమ్ మీద నిలబెట్టి తాడు బిగించేదాకా అంచులు బాగానే ఉన్నాయి. పార్టీకి అది పంపాక మాట అక్కడితో తేలింది.

ఇక రికవరీ ఏర్పాట్లు. అడ్మిన్ యూజర్‌ను ఎడిట్ చేసే పేజీలో మూడూ ఒకేచోట ఉంటాయి: రికవరీ మెయిల్, సెక్యూరిటీ ప్రశ్నలు, GUID ఫైలు. రెండేళ్ల వాడకంలో నాకు బాగా నచ్చింది మెయిల్. ఎవరి సొంత మెయిలూ కాకుండా యూనిట్ పేరు మీద ఒకటి తీసి ఇచ్చాం. ఇచ్చి ఊరుకోకుండా అప్పుడే Forgot Password నొక్కి, క్యూఆర్ స్కాన్ చేసి, కోడ్ నిజంగా వస్తుందో లేదో చూశాం. కోడ్ వచ్చాక వెనక్కి వచ్చేస్తే సరి, పాస్‌వర్డ్ ఏమీ మారదు. ఈ పరీక్షను ఏటా దసరాకు మిషన్లు కడిగి పూజ చేసే రోజున చేస్తున్నాం. ఆ రోజు కటింగ్ ఉండదు, అందరూ ఉంటారు.

GUID ఫైలు ఇంటర్నెట్ లేకున్నా పనిచేస్తుంది. పెన్‌డ్రైవ్ పెట్టి ఎక్స్‌పోర్ట్ చేసుకుంటే, మర్చిపోయిన రోజున అదే పెన్‌డ్రైవ్ గుచ్చి కొత్త పాస్‌వర్డ్ పెట్టుకోవచ్చు. కానీ పాస్‌వర్డ్ మార్చిన ప్రతిసారీ కొత్త ఫైలు తీసుకోవాలి, పాతది చెల్లదు. ఇది గుర్తుపెట్టుకోవడం కష్టం. అందుకే పెన్‌డ్రైవ్‌ను కవర్లో పెట్టి, పైన పాస్‌వర్డ్ మార్చిన తేదీ రాసి బీరువాలో పెడుతున్నాం. తేదీలు కలవకపోతే కొత్త ఫైలు తీయలేదని అక్కడే తెలిసిపోతుంది. ఆ కవర్ డీవీఆర్ పక్కన ఉండకూడదు. అది చేతికి దొరికినవాడు అడ్మిన్ అయిపోతాడు.

సెక్యూరిటీ ప్రశ్నలు నాకు అంతగా నచ్చలేదు. ఊరి పేరు, నాన్నగారి పేరు లాంటి జవాబులు యూనిట్‌లో సగంమందికి తెలుసు. పెట్టాల్సి వస్తే ప్రశ్నతో సంబంధం లేని జవాబు పెట్టి, దాన్ని కూడా ఆ కవర్లోనే రాసి ఉంచండి.

పాస్‌వర్డ్ మార్చిన రోజు ఇంకొక పని తప్పనిసరి. కెమెరాలు చూడటానికి హైక్‌విజన్ వాళ్ల iVMS-4200 ప్రోగ్రామ్ పెట్టిన కంప్యూటర్ ఎక్కడైనా ఉంటే అందులోనూ కొత్తది ఎక్కించాలి. లేకపోతే అది పాత పాస్‌వర్డ్‌నే పదేపదే పంపుతుంటుంది, సరైన పాస్‌వర్డ్ కొట్టినా ఆ కంప్యూటర్‌కి లాక్ అయినట్టు చూపిస్తుంది. రోజువారీ చూడటానికి సూపర్‌వైజర్‌కి విడిగా ఆపరేటర్ యూజర్ ఇచ్చాం, ప్లేబ్యాక్ చూసే హక్కు మాత్రమే పెట్టి. దాంతో అడ్మిన్ పాస్‌వర్డ్ ఎవరి నోటా నలగడం లేదు. అడ్మిన్‌కి ప్యాటర్న్ కూడా తీసేశాం.

ఈ ఏర్పాట్లలో బలహీనమైన చోటు ఒకటే మిగిలింది, ఆ మెయిల్. దాని పాస్‌వర్డ్ మర్చిపోతే ఓటీపీ వెళ్లేది ఒక ఫోన్ నంబర్‌కి. ఆ నంబర్ వెళ్లిపోయిన ఉద్యోగిదైతే మళ్లీ మొదటికే వస్తాం. అందుకని యూనిట్ పేరు మీద తీసుకున్న సిమ్‌నే మెయిల్‌కి కలిపాం. రీచార్జ్ లేక ఆ సిమ్ ఆగిపోకుండా, దాని గడువు తేదీని మా అకౌంటెంట్ కరెంటు బిల్లుతో పాటు నెలవారీ చెల్లింపుల్లో రాసుకుంటున్నాడు.