కేటాయింపు ఫలితాన్ని లెక్కించడానికి ఏ సూత్రం మేలు?

ఒక ఫండ్ తన పనితీరును పోల్చుకునే ప్రమాణమైన బెంచ్‌మార్క్ కంటే ఎంత ఎక్కువ ఆర్జించిందో చెప్పడం తేలిక. ఆ అదనపు రాబడిలో ఏ మేరకు ఆస్తుల కేటాయింపు వల్ల వచ్చింది, ఏ మేరకు సెక్యూరిటీల ఎంపిక వల్ల వచ్చింది అని విడదీయడంలోనే చిక్కంతా ఉంది. ఇందుకు ఎక్కువగా వాడే పద్ధతులు రెండూ పెట్టుబడుల నిపుణుడు గ్యారీ బ్రిన్సన్ పేరుతోనే ఉన్నాయి. ఒకటి 1985లో ఫాక్లర్‌తో కలిసి ప్రతిపాదించినది, రెండోది 1986లో హుడ్, బీబోవర్‌లతో కలిసి ప్రచురించినది. మొత్తం కేటాయింపు ఫలితం రెండింటిలోనూ ఒకటే వస్తుంది. తేడా అంతా దానిని ఏ ఆస్తి ఖాతాలో ఎంత రాయాలన్న దగ్గర వస్తుంది.

ఈ ఊహాత్మక ఫండ్‌ను చూడండి. వెయిట్ అంటే మొత్తం డబ్బులో ఆ ఆస్తికి ఉన్న వాటా.

| ఆస్తి | బెంచ్‌మార్క్ వెయిట్ | బెంచ్‌మార్క్ రాబడి | ఫండ్ వెయిట్ | ఫండ్ రాబడి |
|---|---|---|---|---|
| షేర్లు | 60% | 10% | 50% | 13% |
| బాండ్లు | 30% | 4% | 40% | 3% |
| నగదు | 10% | 2% | 10% | 2% |

బెంచ్‌మార్క్ మొత్తం రాబడి 7.4%, ఫండ్‌ది 7.9%. కనుక వివరించవలసింది 0.5 శాతం పాయింట్లు.

1986 పద్ధతి ప్రతి ఆస్తికీ వెయిట్‌లోని తేడాను తీసుకుని, ఆ ఆస్తి బెంచ్‌మార్క్ రాబడితో నేరుగా గుణిస్తుంది. షేర్లలో 10 పాయింట్లు తగ్గించినందుకు −1.0, బాండ్లలో 10 పాయింట్లు పెంచినందుకు +0.4, వెరసి −0.6. ఈ లెక్క ప్రకారం బాండ్ల వాటాను పెంచడం ఫండ్‌కు లాభించిన నిర్ణయం అవుతుంది. కానీ మొత్తం బెంచ్‌మార్క్ 7.4% ఇచ్చిన కాలంలో 4% మాత్రమే ఇచ్చిన ఆస్తిలోకి అదనపు డబ్బు మళ్ళించడం లాభం ఎలా అవుతుంది? 4% సున్నా కంటే ఎక్కువ కావడమే ఆ మెప్పుకు కారణం.

1985 పద్ధతి ఆస్తి రాబడిలోంచి ముందుగా బెంచ్‌మార్క్ మొత్తం రాబడిని తీసివేసి, మిగిలిన దానితో వెయిట్ తేడాను గుణిస్తుంది. అప్పుడు షేర్లకు −0.26, బాండ్లకు −0.34 వస్తాయి. మొత్తం మళ్ళీ −0.6 మాత్రమే, ఎందుకంటే వెయిట్ తేడాలన్నీ కలిపితే సున్నా కనుక తీసివేసిన 7.4% మొత్తంలో రద్దైపోతుంది. ఆస్తి వారీగా చూసినప్పుడు మాత్రం బాండ్ల గుర్తు తారుమారైంది. పెంచిన చోట రాబడి సగటు కంటే తక్కువ, తగ్గించిన చోట సగటు కంటే ఎక్కువ. రెండు నిర్ణయాలూ నష్టపరిచినవే, లెక్క కూడా అదే చెబుతోంది. ఆస్తి వారీగా లేదా రంగాల వారీగా నివేదిక ఇవ్వవలసి వస్తే నేను 1985 పద్ధతినే ఎంచుకుంటాను. మొత్తం అంకె ఒక్కటే కావలసిన వారికి రెండింటిలో ఏదైనా ఒకటే.

ఇక ఎంపిక ఫలితం. బెంచ్‌మార్క్ వెయిట్‌తో లెక్కిస్తే షేర్లలో 3 పాయింట్ల ఆధిక్యం 60% మీద +1.8, బాండ్లలో 1 పాయింటు వెనుకబాటు 30% మీద −0.3, కలిపి +1.5. దీనికి −0.6 చేర్చితే 0.9 అవుతుంది, కాని వివరించవలసింది 0.5 మాత్రమే. మిగిలిన −0.4నే ఇంటరాక్షన్ అంటారు. షేర్లను బాగా ఎంపిక చేసిన ఫండ్ అదే చోట డబ్బు తక్కువ పెట్టింది కాబట్టి −0.3, ఎంపిక బాగాలేని బాండ్లలో ఎక్కువ పెట్టింది కాబట్టి −0.1.

దీనిని విడిగా చూపాలా, ఎంపికలో కలపాలా? కేటాయింపు ముందుగా నిర్ణయమై, ఎంపిక చేసేవారు తమకిచ్చిన డబ్బుతోనే పనిచేసే ఫండ్‌లో కలపడమే సమంజసం. ఫండ్ వెయిట్‌తో లెక్కిస్తే షేర్లకు +1.5, బాండ్లకు −0.4, మొత్తం +1.1 నేరుగా వస్తుంది. ఇంటరాక్షన్‌కు మాత్రమే బాధ్యుడైన నిర్ణేత ఎవరూ ఉండరు, కనుక విడి వరుసగా చూపితే చదివేవారు అడిగే మొదటి ప్రశ్నకే జవాబు దొరకదు. అయితే ఒక్కొక్క షేరును చూసి కొంటూ పోగా వెయిట్లు వాటంతటవే ఏర్పడే ఫండ్‌లో, కేటాయింపు అనే నిర్ణయమే జరగలేదు. అక్కడ కేటాయింపు అంకెకు పెద్దగా అర్థం వెతకకూడదు.

ఇంకొక హెచ్చరిక బాండ్ల −0.4 గురించి. ఫండ్ బాండ్ల కాలవ్యవధి బెంచ్‌మార్క్ కంటే పొడవుగా ఉండి, వడ్డీ రేట్లు పెరిగి ఉంటే, ఆ నష్టం ఎంపిక పేరుతో కనిపించినా నిజానికి వడ్డీ రేట్ల మీద తీసుకున్న అంచనా వల్ల వచ్చింది కావచ్చు. ఈ రెండు పద్ధతుల్లో ఏదీ ఆ తేడాను పట్టుకోలేదు. అందువల్ల బాండ్ల భాగానికి కాలవ్యవధి, రుణ నాణ్యతల వారీగా వేరే విశ్లేషణ జతచేసిన తరువాతే ఎంపిక చేసిన వారిని ప్రశ్నించడం న్యాయం.