పాత ఫ్రిజ్ కొంటున్నారా? డబ్బులిచ్చే ముందు వెనక మోటారు దగ్గర టార్చ్ వేసి చూడండి

మీలో చాలామందికి తెలిసిన ఆ పాత సామాన్లాయన దగ్గరే కొన్నాను. పేరు రాయను. మూడో రాత్రి మంచినీళ్లకి లేచి లైటు వేస్తే, డోర్ రబ్బరు మడతలోంచి చిన్న చిన్న గోధుమరంగు బొద్దింకలు పరిగెత్తాయి. తల వెనక రెండు నల్లచారలు. వంటింటి సామాన్లలో కాపురం పెట్టే జర్మన్ బొద్దింకలు ఇవే.

ఫోన్ చేస్తే ఒక కుర్రాణ్ణి పంపాడు. "ప్లగ్ తీయనా బాబూ?" అన్నాను. "అక్కర్లేదండీ, రెండు నిమిషాల పని" అంటూ స్ప్రే డబ్బా మోటారు గూట్లోకి పెట్టి సగం కొట్టేశాడు. టప్‌మంది. ఫ్రిజ్ ఆగిపోయింది. మందు తడికి బోర్డు పోయిందని తర్వాత మెకానిక్ చెప్పాడు. ఆ డబ్బాల్లో చాలావాటిలో ఉండేది మండే గ్యాసే. ఈమధ్య ఫ్రిజ్‌లలో చల్లదనానికి వాడే R600a కూడా మండేదే. నిప్పంటుకోలేదు, అంతే. ప్లగ్ నేనే పీకేయాల్సింది, అక్కడే ఉండి ఊరుకున్నాను.

మళ్లీ ఫోన్ చేశాను. "బొద్దింకలు మీ ఇంట్లోవే, మేం శుభ్రంగా ఇచ్చాం" అని ఫోన్ పెట్టేశాడు. నా ఒళ్లు మండింది అక్కడే. ఎందుకంటే అప్పటికే మోటారు మీది నీళ్ల ట్రే తీసి చూశాను. వెచ్చదనం, తడి, ఇరుకు, చీకటి, వాటికి కావలసినవన్నీ అక్కడే ఉన్నాయి. ట్రే కింద మిరియాల పొడిలా రెట్టలు, గట్టిపడిన పాత దుమ్ములో అతుక్కుపోయిన ఖాళీ గుడ్ల తిత్తులు. నా ఇంటికొచ్చి మూడు రోజులైన ఫ్రిజ్‌లో అంత పాత దుమ్ము, అందులో అతుక్కుపోయిన తిత్తులు ఎలా ఉంటాయి?

స్ప్రేకి చావనివి చెదిరిపోయాయి. ఇప్పుడు వాషింగ్ మెషీన్ అడుగున, టీవీ వెనక గాలి కంతల దగ్గర కనిపిస్తున్నాయి.

ఇప్పుడు చేస్తున్నది ఇదీ. ప్లగ్ తీసి, ట్రే కడిగి, మోటారు గూట్లో దుమ్ము, తిత్తులు వాక్యూమ్‌తో లాగేశాను. బొద్దింకల జెల్‌ని బియ్యపుగింజంత చుక్కలుగా అట్టముక్కల మీద పెట్టి ఫ్రిజ్ వెనక, మెషీన్ కింద, టీవీ స్టాండు వెనక ఉంచాను. వైర్లకీ బోర్డుకీ తగలకుండా, పిల్లలకి అందకుండా. జెల్ ఉన్నచోట స్ప్రే కొట్టకండి, ఆ వాసనకి బొద్దింకలు జెల్ దగ్గరికి రావు. తిత్తిలోని గుడ్లకి జెల్ పనిచేయదు. అందుకే ఎండిన చుక్కలు మారుస్తూ కనీసం రెండు నెలలు కొనసాగించాలి. టీవీ వెనక మూత మాత్రం విప్పకండి, ప్లగ్ తీసినా లోపల కరెంటు నిలవ ఉంటుంది.