పాత ఏఎం4 బోర్డులో 105 వాట్ల ప్రాసెసర్ పెట్టబోతున్నారా? కాస్త ఆగండి

ఏఎండీ ప్రాసెసర్లు పట్టే ఏఎం4 సాకెట్ బోర్డులు ఉన్నవాళ్లలో చాలామందిది ఇప్పుడు ఒకటే ఆలోచన. బోర్డు, ర్యామ్ మార్చకుండా ఆ సాకెట్‌లో పట్టే ఆఖరి మంచి ప్రాసెసర్ ఒకటి పెట్టి ఇంకో మూడు నాలుగేళ్లు గడిపేద్దామని. ఆలోచనలో తప్పు లేదు. నేను తప్పు చేసింది ఆ ప్రాసెసర్‌ను ఎంచుకోవడంలో. కొన్న నెలలోపే దాన్ని నష్టానికి అమ్ముకున్నాను. నా దారిలోనే మరొకరు వెళ్లకూడదని ఇది రాస్తున్నాను.

నాది ఏ320 చిప్‌సెట్ ఉన్న చిన్న బోర్డు. దాని మీద రైజెన్ 5 1600 చాలా ఏళ్లు ఏ గొడవా లేకుండా నడిచింది. వీడియో ఎడిటింగ్ పెరిగాక ఆరు కోర్లు చాలడం లేదని, సెకండ్‌హ్యాండ్‌లో రైజెన్ 9 5900ఎక్స్ కొన్నాను. పన్నెండు కోర్లు, అదే సాకెట్. అమ్మిన వ్యక్తి ‘బయోస్ అప్‌డేట్ చేస్తే ఏ ఏఎం4 బోర్డులోనైనా పనిచేస్తుంది’ అన్నాడు. బోర్డు తయారీదారు పేజీలో కొత్త బయోస్ పక్కన రైజెన్ 5000 సిరీస్‌కు సపోర్ట్ జోడించామని ఒక వాక్యం ఉంది. ఆ రెండు మాటలూ చాలనుకున్నాను. బోర్డు సపోర్ట్ చేసే ప్రాసెసర్ల జాబితా తెరిచి చూశానా అంటే చూశాను, కానీ తప్పు జాబితా. ఆ సంగతికి తర్వాత వస్తాను.

ప్రాసెసర్ పెట్టగానే కంప్యూటర్ మొదటిసారికే లేచింది. బయోస్ తెర మీద పేరు సరిగ్గా కనిపించింది, పన్నెండు కోర్లూ లెక్కకు వచ్చాయి. మోసం అక్కడే ఉంది. బయోస్ ప్రాసెసర్‌ను గుర్తుపట్టడం ఒక సంగతి, బోర్డు దానికి కావలసిన కరెంటును గంటల తరబడి ఇవ్వగలగడం వేరే సంగతి. మొదటిదానికి రెండోదానితో సంబంధం లేదు.

బ్రౌజర్, మెయిల్, పాటలు, అన్నీ హాయిగా నడిచాయి. వీడియో రెండర్ మొదలుపెట్టిన ఎనిమిది నిమిషాలకు మౌస్ పాయింటర్ కూడా ఈడుస్తూ కదలడం మొదలైంది. కొన్ని క్షణాల తర్వాత మళ్లీ మామూలు వేగం, మళ్లీ ఈడుపు. పాత 1600 మీద 41 నిమిషాల్లో అయ్యే రెండర్ ఈ పన్నెండు కోర్ల ప్రాసెసర్ మీద గంట దాటింది.

ముందు కూలర్‌ను అనుమానించాను. వేడి, వేగం వంటి కొలతలు చూపే HWiNFO అనే ప్రోగ్రామ్ తెరిచి చూస్తే ప్రాసెసర్ ఉష్ణోగ్రత 62 డిగ్రీలు మాత్రమే. అంత చల్లగా ఉన్న ప్రాసెసర్ వేగం మాత్రం 550 మెగాహెర్ట్జ్‌కు పడిపోతోంది. అదే కిటికీలో ఇంకాస్త కిందికి వెళ్తే Thermal Throttling (PROCHOT EXT) అనే వరుసలో No ఉండాల్సిన చోట Yes అని ఉంది. చివరనున్న EXT అన్న మూడక్షరాలే అసలు కీలకం. వేడెక్కింది ప్రాసెసర్ కాదు, బయటినుంచి బోర్డు ‘తగ్గించు’ అని దానికి సంకేతం పంపుతోంది. ప్రాసెసర్ చల్లగా ఉండి, వేగం ఒక్కసారిగా అర గిగాహెర్ట్జ్ దగ్గరికి పడిపోయి, కాసేపటికి మళ్లీ లేస్తోందంటే మీరు చూడాల్సింది వీఆర్ఎం వైపు. సాకెట్ పక్కన ఉండి, పవర్ సప్లై పంపే 12 వోల్టులను ప్రాసెసర్‌కు కావలసిన ఒకటిన్నర వోల్టు లోపుకు దించే భాగం అది.

నిర్ధారించుకోవడానికి కేబినెట్ పక్క పలక తీసి, టేబుల్ ఫ్యాన్‌ను సాకెట్ వైపు తిప్పి మళ్లీ రెండర్ పెట్టాను. ఈడుపు మాయమైంది. ఇక అనుమానం లేదు.

ఇప్పుడు లెక్క చూడండి. 5900ఎక్స్ పెట్టె మీద రాసే 105 వాట్లు ప్రాసెసర్ సాకెట్ నుంచి నిజంగా తీసుకునే పరిమితి కాదు. ఏఎం4లో ఆ పరిమితిని పీపీటీ అంటారు. అది సాధారణంగా పెట్టె మీది అంకెకు 1.35 రెట్లు. 65 వాట్ల తరగతికి 88 వాట్లు, 105 వాట్ల తరగతికి 142 వాట్లు. లెక్క సులువుగా ఉండడానికి వోల్టేజీ 1.2 అనుకుందాం. 88 వాట్లకు దాదాపు 73 ఆంపియర్లు, 142 వాట్లకు దాదాపు 118. నా బోర్డు వీఆర్ఎంలో కోర్లకు వెళ్లే కరెంటును పంచుకునే దారులు, అదే ఫేజ్‌లు, మూడే ఉన్నాయి. అంటే ఒక్కో ఫేజ్ మీద 24 ఆంపియర్లు ఉండాల్సిన చోట 39 పడ్డాయి. కరెంటు 1.6 రెట్లే కదా పెరిగింది అనిపిస్తుంది. కానీ ఆ ఫేజ్‌లలో కరెంటును స్విచ్ చేసే మాస్‌ఫెట్ చిప్పుల నిరోధంలో పుట్టే వేడి కరెంటు వర్గంతో పెరుగుతుంది. 1.6ను 1.6తో గుణిస్తే రెండున్నర రెట్లు దాటుతుంది. నా బోర్డు మాస్‌ఫెట్ల మీద హీట్‌సింక్ కూడా లేదు, చిప్పులు బోసిగా ఉన్నాయి. ఇక ఎనిమిది నిమిషాలు ఆగడమే గొప్ప.

నా చేతులారా చేసుకున్న తప్పు ఇంకొకటి ఉంది. కొత్త ప్రాసెసర్ కోసమని పాత ఫ్యాన్ కూలర్ తీసేసి పెద్ద టవర్ కూలర్ పెట్టాను. పాతది గాలిని కిందికి, నేరుగా బోర్డు మీదికి ఊదేది. ఆ గాలిలో వీఆర్ఎంకూ వాటా దక్కేది. టవర్ కూలర్ గాలిని బోర్డుకు సమాంతరంగా వెనక్కి తోసేస్తుంది. ప్రాసెసర్ చల్లబడింది, వీఆర్ఎం ఉన్న కాస్త గాలినీ పోగొట్టుకుంది. నీళ్ల కూలర్ పెట్టేవాళ్లకు ఇది ఇంకా ఎక్కువ వర్తిస్తుంది, ఎందుకంటే సాకెట్ దగ్గర అసలు ఫ్యానే ఉండదు.

ఇక జాబితా సంగతి. నేను చూసిన పేజీలో 5900ఎక్స్ ఉంది, నిజమే. అది అదే పేరున్న బోర్డు 2.0 రివిజన్ పేజీ. నాది 1.0. వెతికితే ముందు వచ్చింది 2.0 పేజీ, అక్కడితో ఆగిపోయాను. దెబ్బ తిన్నాక నా రివిజన్ జాబితా తెరిస్తే 5000 సిరీస్ ప్రాసెసర్లు ఉన్నాయి కానీ 65 వాట్లవే. 5800ఎక్స్, 5900ఎక్స్, 5950ఎక్స్ వరుసలు అసలు లేవు. తయారీదారు ఎక్కడా ‘ఇది పెట్టకండి’ అని రాయలేదు, ఊరికే రాయకుండా వదిలేశాడు. జాబితాలో పేరు లేకపోవడమే వాళ్లు చెప్పే సమాధానం. దాన్ని ‘ఇంకా పరీక్షించి ఉండరులే’ అని మనకు నచ్చినట్టు చదువుకోకూడదు. ‘5000 సిరీస్‌కు సపోర్ట్’ అన్న బయోస్ వాక్యం కూడా అబద్ధం కాదు. సిరీస్ మొత్తానికి అని అందులో లేదు, అంతే.

విండోస్‌లో పవర్‌షెల్ తెరిచి ఈ రెండు వరుసలు ఇస్తే బోర్డు అసలు పేరు, ఇప్పుడున్న బయోస్ వెర్షన్ తెలుస్తాయి.

```
Get-CimInstance Win32_BaseBoard | Select Manufacturer,Product,Version
Get-CimInstance Win32_BIOS | Select SMBIOSBIOSVersion
```

Version దగ్గర కొన్ని బోర్డులు అర్థం లేని మాట ఏదో చూపిస్తాయి. అప్పుడు కేబినెట్ తెరిచి బోర్డు అంచున అచ్చు వేసిన రివిజన్ అంకెను కళ్లతో చదవడమే నమ్మకమైన పని. పలక ఎలాగూ తీశారు కాబట్టి సాకెట్ పక్కన మాస్‌ఫెట్ల మీద లోహపు దిమ్మ ఉందో లేదో, ప్రాసెసర్ పవర్ కనెక్టర్ నాలుగు పిన్నులదో ఎనిమిదింటిదో కూడా చూడండి. నాలుగు పిన్నులు ఉన్నంత మాత్రాన 142 వాట్లకు తీగలు కాలిపోవు. కానీ ఆ బోర్డును ఏ తరగతి ప్రాసెసర్‌ను మనసులో పెట్టుకుని గీశారో అది చెప్పేస్తుంది.

జాబితాలో ప్రతి ప్రాసెసర్ పక్కనా ఏ బయోస్ వెర్షన్ నుంచి పనిచేస్తుందో రాసి ఉంటుంది. 300 సిరీస్ చిప్‌సెట్లకు రైజెన్ 5000 సపోర్ట్ అధికారికంగా వచ్చింది 2022లోనే, కాబట్టి పాత బయోస్‌తో ఆశపడవద్దు. పాత ప్రాసెసర్ బోర్డులో ఉండగానే అప్‌డేట్ చేయాలి. ముందే కొత్తది పెడితే తెర నల్లగానే ఉంటుంది. డౌన్‌లోడ్ పేజీలో ‘ముందు ఫలానా వెర్షన్ వేయండి’, ‘మళ్లీ పాత వెర్షన్‌కు వెళ్లలేరు’ వంటి మాటలు ఉంటే వాటిని అక్షరం వదలకుండా చదవండి. డిస్కుకు విండోస్ బిట్‌లాకర్ తాళం ఉంటే రికవరీ కీని ముందే వేరేచోట రాసిపెట్టుకోండి. ప్రాసెసర్ మార్చాక, ఆ తాళానికి సంబంధించిన రహస్యాలు దాచే ఎఫ్‌టీపీఎంను రీసెట్ చేయాలా అని బయోస్ అడుగుతుంది, Y నొక్కితే తర్వాత విండోస్ ఆ కీ అడుగుతుంది.

105 వాట్ల ప్రాసెసర్ ఇప్పటికే కొనేసి ఉంటే, బయోస్‌లో ఎకో మోడ్ ఉందేమో వెతకండి. 65 వాట్ల ఎకో మోడ్ పీపీటీని 88కి దించుతుంది. వేగం కొంత తగ్గినా ఈ ఈడుపు ఉండదు. నా ఏ320 బయోస్‌లో ఆ ఎంపికే లేదు. వీఆర్ఎం మీద చిన్న ఫ్యాన్ బిగించి బతుకుదామా అని కూడా ఆలోచించాను. జాబితాలో లేని ప్రాసెసర్‌తో, బోసి మాస్‌ఫెట్లను రోజూ 100 డిగ్రీలకు పైన ఉడికిస్తూ, అదే బోర్డు మీద పని ఫైళ్లు నడపడం నాకు సబబు అనిపించలేదు.

గేములకే కొనేవాళ్లు 5800ఎక్స్3డీ, 5700ఎక్స్3డీల గురించి అడుగుతారు. రెండింటికీ కాగితం మీద 105 వాట్లే రాసి ఉంటుంది. గేముల్లో అవి ఆ పరిమితికి చాలా కిందే ఉంటాయి కాబట్టి నా 5900ఎక్స్ అంత ఇబ్బంది పెట్టకపోవచ్చు. అయినా మీ రివిజన్ జాబితాలో పేరుంటేనే కొనండి, రెండర్లు కూడా చేసేవాళ్లయితే ఇంకా పట్టుబట్టండి.

అమ్మిన వ్యక్తి వెనక్కి తీసుకోలేదు. ‘చిప్పు బాగానే ఉంది కదా’ అన్నాడు. అది నిజమే కాబట్టి ఏమీ అనలేకపోయాను. నష్టానికి అమ్మేసి, నా 1.0 రివిజన్ జాబితాలో ఉన్న రైజెన్ 7 5700ఎక్స్ తెచ్చాను. ఎనిమిది కోర్లు, 65 వాట్లు. దీని పీపీటీ ఆ తరగతి 88 కంటే కూడా తక్కువ, 76 వాట్లే. గాలిని కిందికి ఊదే పాత కూలర్‌నే మళ్లీ బిగించాను. అదే రెండర్ ఇప్పుడు 22 నిమిషాల్లో అవుతోంది, PROCHOT EXT వరుసలో No మారలేదు. టవర్ కూలర్ మాత్రం పెట్టెలో ఉంది, ఎవరికైనా కావాలంటే చెప్పండి.